నెల మధ్యలో లక్ష్యం ఎంతవరకు వచ్చింది: గేజ్ డయల్ చూపేదేమిటి, బుల్లెట్ చార్ట్ చూపేదేమిటి

పలాస–కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్లలోనూ, విజయనగరం వైపు జూట్ మిల్లుల్లోనూ లెక్కలు ఇప్పుడు ఎక్సెల్, పవర్ బీఐ, లుకర్ స్టూడియో తెరల మీదికి వస్తున్నాయి. తెర తయారుచేసే కుర్రాడు మొదట పెట్టేది చాలాచోట్ల ఒకటే: సగం చక్రం, ఎరుపు–పసుపు–ఆకుపచ్చ రంగులు, మధ్యలో ముల్లు. చూడ్డానికి బాగుంటుంది, యజమానికి వెంటనే నచ్చుతుంది. పదిహేను రోజులు గడిచాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ముల్లు మధ్యలో ఉంది సరే, మనం ముందున్నామా, వెనకబడ్డామా? ఆ ప్రశ్నకు డయల్ ఎందుకు తడబడుతుందో, బుల్లెట్ చార్ట్ ఎంతవరకు జవాబివ్వగలదో, అది కూడా ఎక్కడ తప్పుదోవ పట్టిస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం.

## రెండింటిలో ఉండే భాగాలు

గేజ్ డయల్‌లో నాలుగు భాగాలుంటాయి. అర్ధచంద్రాకారంలో ఒక స్కేలు, ఇప్పటి విలువ చూపే ముల్లు (కొన్నిట్లో ముల్లు బదులు నిండుతూ వచ్చే రంగు), లక్ష్యం దగ్గర ఒక చిన్న గీత, మధ్యలో పెద్ద అంకె. బండి స్పీడోమీటర్ చూసినవాళ్ళెవరికీ దీన్ని కొత్తగా నేర్పక్కర్లేదు.

బుల్లెట్ చార్ట్‌ను డేటా విజువలైజేషన్ నిపుణుడు స్టీఫెన్ ఫ్యూ 2005లో రూపొందించాడు. డ్యాష్‌బోర్డుల్లో డయళ్ళు తినేసే చోటును తగ్గించి, అదే చోట ఎక్కువ సమాచారం ఇవ్వాలన్నది ఉద్దేశం. ఇది తిన్నగా ఉండే ఒక పట్టీ. అడుగున రెండు మూడు బూడిద రంగు ఛాయలు ఉంటాయి. ముదురు ఛాయ అంటే పని బాగాలేదు, లేత ఛాయ అంటే బాగుంది. వాటి మీద సన్నని నల్లటి బార్ ఇప్పటివరకు జరిగినదాన్ని చూపుతుంది. ఆ బార్‌కు అడ్డంగా నిలబడ్డ చిన్న గీత లక్ష్యం. బార్ వెడల్పు పట్టీ వెడల్పులో మూడో వంతు ఉంటే వెనక ఛాయలు, ముందు బార్, అడ్డ గీత మూడూ విడివిడిగా కనిపిస్తాయి. ముదురు ఛాయ మరీ ముదురైతే బార్ అందులో కలిసిపోతుంది, ముఖ్యంగా స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపినప్పుడు.

## ఒక లెక్క: పదహారో రోజు సాయంత్రం 13,000 కిలోలు

పలాసలో ఒక యూనిట్ ఉందనుకుందాం. ఈ నెల లక్ష్యం 20,000 కిలోల పప్పు. ఆదివారాలు తీసేస్తే పనిదినాలు 26. పదహారో పనిదినం సాయంత్రానికి గ్రేడింగ్ దాటి డబ్బాల్లోకి వెళ్ళింది 13,000 కిలోలు.

లక్ష్యంలో ఇది 65 శాతం. రోజులు గడిచింది 26లో 16, అంటే 61.5 శాతం. రోజూ ఒకే లెక్కన జరిగి ఉంటే ఈపాటికి 12,308 కిలోలు కావాలి. కాబట్టి యూనిట్ దాదాపు 690 కిలోలు ముందుంది. యజమానికి కావలసిన సమాచారం ఈ 690 ఒక్కటే. 13,000 అన్న అంకె దానికి ముడిసరుకు మాత్రమే.

ఇదే సంగతి డయల్ మీద ఎలా కనిపిస్తుంది? స్కేలు 0 నుంచి 24,000 వరకు పెట్టామనుకుందాం. సగం చక్రం 180 డిగ్రీలు గనక ప్రతి వెయ్యి కిలోలకు 7.5 డిగ్రీలు. ముల్లు 97.5 డిగ్రీల దగ్గర, అంటే నిలువుకు కాస్త కుడిగా నిలుస్తుంది. లక్ష్యం గీత 150 డిగ్రీల దగ్గర ఉంటుంది. చూసేవాడికి తెలిసేది "సగం దాటింది, లక్ష్యం ఇంకా దూరం" అని. ఈ రోజుకు ఎంత కావాలో డయల్‌లో ఎక్కడా లేదు. ఉన్నా ఈ 690 కిలోల తేడా 5 డిగ్రీల వంపు మాత్రమే.

బుల్లెట్ చార్ట్‌లో అదే స్కేలు మీద బార్ 13,000 దాకా వెళ్తుంది, 20,000 దగ్గర లావు గీత ఉంటుంది, 12,308 దగ్గర ఇంకో సన్న గీత పెట్టొచ్చు. పోలికకు రెండు గుర్తులు పెట్టుకోవడం ఫ్యూ రూపకల్పనలోనే ఉంది. బార్ సన్న గీతను దాటిందా లేదా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది, వంపును అంచనా వేయాల్సిన పనుండదు.

## వంపు కంటే తిన్నని గీత నయమన్న మాట ఎంతవరకు నిజం

విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన ప్రయోగాలు ఈ చర్చలో తరచూ వస్తాయి. ఒకే స్కేలు మీద ఉన్న స్థానాలను మనుషులు కోణాలకంటే బాగా పోల్చగలరని వాళ్ళు చూపించారు. బుల్లెట్ చార్ట్ పక్షంవాళ్ళు దీన్నే ప్రధాన సాక్ష్యంగా చెబుతారు.

ఆ సాక్ష్యాన్ని కాస్త జాగ్రత్తగా వాడాలి. అక్కడ కోణాలను పరీక్షించింది వృత్తాన్ని ముక్కలుగా కోసి చూపే `Pie` చార్టులతో, ముల్లున్న డయల్‌తో కాదు. డయల్‌లో ముల్లు కొన అంకెలున్న స్కేలును తాకుతుంది గనక చూసేవాడు కోణం కొలవకుండా నేరుగా అంకె చదువుకోవచ్చు. పైగా ఒకే వెడల్పు తీసుకుంటే అర్ధచక్రం అంచు తిన్నని గీతకంటే ఒకటిన్నర రెట్లకు పైగా పొడవు. అంటే స్కేలు గీతల మధ్య ఎడం డయల్‌లోనే ఎక్కువ. ఒక్క డయల్‌ను దగ్గరనుంచి చదవడంలో పెద్ద నష్టమేమీ లేదని ఒప్పుకోవాలి.

నష్టం పోల్చేటప్పుడు వస్తుంది. 12 సెంటీమీటర్ల వెడల్పు డయల్‌కు 6 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. అదే వెడల్పు బుల్లెట్‌కు సెంటీమీటరున్నర చాలు, పేరుతో సహా. కాబట్టి ఒక డయల్ పట్టే చోట నాలుగు బుల్లెట్లు ఒకదాని కింద ఒకటి పడతాయి. నాలుగు షెడ్ల ఉత్పత్తిని ఒక్కో షెడ్డు లక్ష్యంలో శాతంగా మార్చి ఇలా పేర్చితే లక్ష్యం గీతలన్నీ ఒకే నిలువు వరసలోకి వస్తాయి. ఏ బార్ ఆ వరస దాకా రాలేదో కన్ను పైనుంచి కిందికి జారుతూనే పట్టేస్తుంది. నాలుగు డయళ్ళు పక్కపక్కన పెడితే ఒక్కో ముల్లు వంపును గుర్తుంచుకుని తరవాతిదాని దగ్గరికి వెళ్ళాలి.

## స్కేలు చివర ఎక్కడుందో ఎవరు నిర్ణయించారు

రెండు చార్టుల్లోనూ ఎక్కువ తప్పులు జరిగేది స్కేలు చివరి అంకె దగ్గరే. పవర్ బీఐలో గేజ్ పెట్టి `Value` మాత్రమే ఇచ్చి `Maximum value` ఖాళీగా వదిలేస్తే అది స్కేలు చివరను ఇప్పటి విలువకు రెట్టింపుగా తీసుకుంటుంది. పదహారో రోజు 13,000 ఉంటే చివర 26,000 అవుతుంది. ఇరవయ్యో రోజు 16,000 అయితే చివర 32,000 అవుతుంది. రెండు రోజులూ డయల్ సరిగ్గా సగమే నిండుతుంది! నెలంతా కదలని డయల్ మీ తెర మీద ఉంటే మొదట చూడాల్సింది ఇదే. `Maximum value`లో లక్ష్యాన్ని బట్టి లెక్కకట్టిన అంకె, ఉదాహరణకు లక్ష్యానికి 1.2 రెట్లు ఇస్తే ఇది పోతుంది.

ఇంకో తప్పు స్కేలును సరిగ్గా లక్ష్యం దగ్గరే ఆపేయడం. "నూరు శాతం అంటే నిండుగా కనపడాలి" అనే కోరిక సహజమే. కానీ నెలాఖరుకు 21,500 కిలోలు చేసినా 23,000 చేసినా డయల్ ఒకేలా నిండుగా కనిపిస్తుంది. ఎక్కువ చేసిన నెలలు ఒకదాన్నుంచి ఒకటి వేరుపడవు. ఎక్సెల్‌లో డోనట్ చార్ట్ మీద `Pie` చార్ట్‌తో ముల్లు పెట్టి చేసే డయల్‌లోనైతే ముల్లు సమతలం దాటి కిందికి, దాచిపెట్టిన సగంలోకి వంగిపోతుంది. అందరికంటే బాగా చేసిన నెలే పాడైన మీటరులా కనిపిస్తుంది.

బుల్లెట్‌లో లక్ష్యం గీత స్కేలు లోపల ఉంటుంది గనక దాటినంత మేరా బార్ గీత అవతల కనిపిస్తుంది. అయితే స్కేలు చివరను సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తే ఇక్కడా తిప్పలు తప్పవు. విలువలు మారినప్పుడల్లా చివర మారి, నిన్నటి స్క్రీన్‌షాట్‌నూ ఇవాళ్టిదాన్నీ పోల్చలేని పరిస్థితి వస్తుంది.

## నెల మొదట్లో అందరూ ముదురు ఛాయలోనే

బుల్లెట్ చార్ట్‌ను మెచ్చుకునే వ్యాసాల్లో అంతగా కనపడని చిక్కు ఇది. ఛాయలను చాలామంది నెల లక్ష్యాన్ని బట్టి పెడతారు: 70 శాతం లోపు ముదురు, 90 దాకా మధ్యరకం, ఆపైన లేత. ఆ హద్దులు నెలాఖరు తీర్పుకు సరిపోతాయి. అయిదో తారీఖున మాత్రం ఎంత బాగా పనిచేసిన షెడ్డు బారైనా ముదురు ఛాయలోనే ఉంటుంది. పదహారో రోజున మన 13,000 కూడా 14,000 హద్దుకు ఇవతలే ఉంది గనక ముందున్న యూనిట్ వెనకబడ్డట్టు కనిపిస్తుంది. డయల్ మీది ఎరుపు–పసుపు–ఆకుపచ్చకూ ఇదే జబ్బు, ఎరుపు గనక ఇంకాస్త భయపెడుతుంది.

మందు ఏమిటంటే ఛాయల హద్దులను ఆ రోజుకు కావలసిన అంకెతో కలిపి కదల్చడం. పదహారో రోజుకు కావలసింది 12,308. దానిలో 90 శాతం 11,077. కాబట్టి 11,077 దాకా ముదురు, అక్కడినుంచి 12,308 దాకా మధ్యరకం, ఆపైన 24,000 దాకా లేత. ఇప్పుడు బార్ చివర లేత ఛాయలో పడుతుంది, అదే నిజం.

ఎక్సెల్‌లో ఆ రోజుకు కావలసిన అంకె ఇలా వస్తుంది. B2లో నెల లక్ష్యం, B4లో మొదటి తేదీ, B5లో చివరిసారి లెక్క ఎక్కించిన తేదీ, B6లో నెలాఖరు తేదీ, H2 నుంచి H5 వరకు సెలవులు:

```
=B2*NETWORKDAYS.INTL(B4,B5,11,H2:H5)/NETWORKDAYS.INTL(B4,B6,11,H2:H5)
```

మధ్యలో ఉన్న 11 అంటే వారానికి సెలవు ఆదివారం ఒక్కటేనని అర్థం. B5లో `TODAY()` పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. శనివారం లెక్క ఎక్కించాక గుమాస్తా సోమ, మంగళవారాలు రాకపోతే తేదీ ముందుకు పోతుంది, కిలోలు అక్కడే ఉంటాయి. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉన్నా చార్ట్‌లో వెనకబడ్డట్టు కనిపిస్తుంది.

రోజులతో భాగించడం కూడా అన్నిసార్లూ నిజం చెప్పదు. దసరా ఆర్డర్లు నెల మూడో వారంలోపే లారీ ఎక్కాలనుకుందాం. అందుకని మొదటి 16 రోజులూ రోజుకు 850 కిలోలు, మిగతా పది రోజులూ 640 చొప్పున ప్లాన్ చేశారు. మొత్తం అదే 20,000. ప్లాన్ ప్రకారం పదహారో రోజుకు 13,600 కావాలి. మన 13,000 ఇప్పుడు 600 కిలోలు వెనక. అదే యూనిట్, అదే అంకె, అదే సాయంత్రం. సన్న గీతను ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి ముందున్నది వెనకబడింది. కాబట్టి రోజువారీ ప్లాన్ ఉన్నచోట దాని కూడిక మొత్తాన్నే గీతగా పెట్టాలి. సగటును ప్లాన్ లేనప్పుడే వాడాలి.

## పోగయ్యే అంకె, ఊగే అంకె

ఇక్కడిదాకా చెప్పింది పోగయ్యే అంకెల గురించి. కిలోలు, అమ్మకాలు, వసూళ్ళు నెల మొదట్లో సున్నాతో మొదలై పెరుగుతూనే పోతాయి. వీటికి బుల్లెట్ చార్ట్ చాలా మేలని నా అభిప్రాయం, సన్న గీత పెట్టగల చోటు అందులో ఉంది గనక.

ఊగే అంకెలు వేరు. పిక్కలు ఉడికించే బాయిలర్‌లో ఆవిరి ఒత్తిడి, డ్రయ్యర్ వేడి లాంటివి పైకీ కిందికీ పోతుంటాయి. వాటికి చేరాల్సిన లక్ష్యం ఉండదు, ఉండాల్సిన మేర ఉంటుంది. ఆ మేర దాటితే ప్రమాదం. అక్కడ డయల్‌కు న్యాయమైన స్థానం ఉంది. బాయిలర్ మీద ఉన్న అసలు మీటర్ కూడా ముల్లుదే గనక ఆపరేటర్ తెర మీద అదే భంగిమను వెతుక్కుంటాడు. ముల్లు ఎటు వాలిందో నాలుగు బారల దూరం నుంచి కూడా తెలుస్తుంది, అంకె చదవనక్కర్లేదు. షెడ్డు గోడ మీది టీవీలో ఒకే ఒక్క విలువ పెట్టాలంటే డయల్ పెట్టినవాళ్ళను తప్పుపట్టలేం.

మధ్యరకం అంకె ఒకటుంది: బస్తాకు ఎంత పప్పు దిగిందన్నది. 80 కిలోల పిక్కల బస్తాకు లక్ష్యం 22 కిలోలు, ఇవాళ వచ్చింది 21.2 అనుకుందాం. సున్నా నుంచి స్కేలు పెడితే తేడా కనపడదు. 18 నుంచి 24 దాకా పెడితే తేడా కనపడుతుంది కానీ బార్ అబద్ధమాడుతుంది. 18 నుంచి లక్ష్యానికి నాలుగు కిలోల దూరం, బార్ నడిచింది 3.2, అంటే కంటికి లక్ష్యంలో 80 శాతంలా ఉంటుంది. నిజానికి 96 శాతం. బార్‌ను చదివేది పొడవును బట్టి, పొడవుకు మొదలు సున్నానే కావాలి. సున్నా లేని స్కేలు మీద బార్ తీసేసి ఒక చుక్క పెట్టాలన్నది ఫ్యూ చెప్పిన పరిష్కారం. ముల్లున్న డయల్‌కు ఈ ఇబ్బంది తక్కువ, ముల్లు స్థానాన్నే చూపుతుంది గనక. రంగు నిండే డయల్‌కు మాత్రం బార్‌కున్న ఇబ్బందే ఉంటుంది.

తగ్గితే మంచిదైన అంకెలు రెండింటినీ ఇబ్బంది పెడతాయి. ముక్కల శాతం 20 దాటకూడదు, ఇవాళ 17 అంటే సంతోషించాలి. తెర మీద మాత్రం గీతదాకా రాని పొట్టి బార్ కనిపిస్తుంది. ఛాయలను తిరగేసి లేతను ఎడమకు, ముదురును కుడికి పెట్టొచ్చు. పక్క బార్లన్నీ పొడవైతే మంచిదని చెబుతుంటే ఇదొక్కటి తిరగబడి ఉండడం చదివేవాడికి భారం. అంతకంటే సులువు, ముక్కలవ్వని పప్పు శాతంగా మార్చి 80 లక్ష్యానికి 83 అని చూపడం. గ్రేడింగ్ దగ్గర పనిచేసేవాళ్ళు గుండు పప్పు ఎంత దక్కిందన్న లెక్కలోనే మాట్లాడుకుంటారు గనక ఇది వాళ్ళకు కొత్తగా అనిపించదు.

## ఎక్సెల్‌లో బుల్లెట్ కట్టేటప్పుడు బెడిసేది

టాబ్లోలోనూ లుకర్ స్టూడియోలోనూ బుల్లెట్ చార్ట్ సిద్ధంగా ఉంటుంది. పవర్ బీఐలో బయటి విజువల్ తెచ్చుకోవాలి. ఎక్సెల్‌లో చేత్తో కట్టుకోవాలి, నిలువుగా కడితే సులువు.

ముందు అయిదు వరసలు రాసుకోండి: ముదురు ఛాయ 11,077, మధ్యరకం 1,231, లేత 11,692, జరిగింది 13,000, లక్ష్యం 20,000. ఛాయలకు రాసేది హద్దులు కాదు, హద్దుల మధ్య తేడాలు. మూడూ కలిపితే స్కేలు చివర 24,000 రావాలి. అలా రాకపోతే హద్దులే రాసేశారన్నమాట. వీటితో `Stacked Column` పెట్టి, అన్నీ విడివిడి స్తంభాలుగా వస్తే `Switch Row/Column` నొక్కండి. తరవాత `Change Chart Type`లో `Combo`కు వెళ్ళి "జరిగింది"కి ముందు `Secondary Axis` టిక్ పెట్టి, తరవాత దాన్ని `Clustered Column`గా మార్చండి. "లక్ష్యం"ను `Line with Markers` చేసి, గీత తీసేసి, గుర్తును అడ్డ గీతగా మార్చి సైజు పెంచండి. "జరిగింది"కి `Gap Width` 400 శాతం దగ్గర పెడితే బార్ సన్నబడుతుంది. ఆ రోజుకు కావలసిన 12,308కి ఇంకో వరస చేర్చి లక్ష్యానికి చేసినట్టే చేస్తే సన్న గీత కూడా వస్తుంది.

బెడిసేది `Secondary Axis` దగ్గర. ఎడమ స్కేలు 24,000 వరకు ఉంటే కుడి స్కేలును ఎక్సెల్ తనంతట తానే 14,000 దగ్గర ఆపేయొచ్చు. అప్పుడు 13,000 బార్ దాదాపు పైకప్పు తాకి, 20,000 లక్ష్యం గీతను దాటేసినట్టు కనిపిస్తుంది. తెర చూసి "లక్ష్యం దాటేశాం" అనుకునే ప్రమాదం ఇదే. కుడి స్కేలును ఎంచుకుని డిలీట్ చేస్తే ఆ బార్ ఎడమ స్కేలు మీదికే వచ్చేస్తుంది, సన్నదనం అలాగే ఉంటుంది. ఎడమ స్కేలు చివరను 24,000 అని చేత్తో రాసి కట్టేయండి.

కట్టిన చార్ట్ డయల్ అయినా బుల్లెట్ అయినా తెర మీద పెట్టేముందు మూడు అంకెలు వేసి చూడాలి. "జరిగింది"లో 0 వేస్తే బార్ లేదా ముల్లు మొదట్లోనే ఉండాలి. 20,000 వేస్తే సరిగ్గా లక్ష్యం గీత మీద ఆగాలి, వెంట్రుకవాసి అటూఇటూ అయినా రెండు స్కేళ్ళు వేరుగా నడుస్తున్నట్టే. 23,000 వేస్తే గీత దాటి ముందుకెళ్ళాలి. చాలా డయళ్ళు మూడో పరీక్షలో తప్పుతాయి, చేత్తో కట్టిన బుల్లెట్లు రెండోదాంట్లో.